రక్సౌల్ లారీ, మోటుపల్లి రాయి

మార్చి మొదటివారం. తెల్లారేసరికే గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు గుట్టలుగా లేచి ఉన్నాయి. గేటు దాటకముందే ఘాటుకి గొంతు పట్టేసింది. నేను వెళ్లింది ధర కోసం కాదు. సముద్రం లేని దేశాల వర్తకం గురించి కొన్నాళ్లుగా చదువుతున్నాను. మన సరుకు అలాంటి దేశం గుమ్మం దాకా వెళ్తే దారిలో ఏం జరుగుతుందో, తోలినవాళ్ల నోట వినాలనిపించింది. నేపాల్ సరిహద్దున ఉన్న రక్సౌల్‌కి లోడు తీసుకెళ్లిన డ్రైవరు ఒకాయన టీ బంకు దగ్గర దొరికాడు. అద్దంకి వైపు మనిషి, యాభై దాటిన వయసు.

"దూరం కాబట్టే కదా బాబాయ్, అంత కిరాయి?" అన్నాను.

"దూరానిదేముంది అబ్బాయ్, ఢిల్లీ మాత్రం దగ్గరా? ఢిల్లీలో దించిన మర్నాడే తిరుగు లోడు దొరుకుద్ది. అక్కడ అట్టా కాదు. వాళ్ల దేశం నుంచి బయటికొచ్చే సరుకు తక్కువ. ఖాళీ బండేసుకుని ముజఫర్‌పూర్ దాకా వచ్చి లోడు కోసం కూర్చోవాలి. ఆ ఖాళీ కిరాయి ఎవరిస్తారు? పోయేటప్పటి మిరపకాయలే ఇయ్యాలి."

ఒకసారి కాగితంలో రాసిన టిక్కీల లెక్కకీ, బిల్లులో ఉన్న లెక్కకీ ఒకటి తేడా వచ్చిందట. తప్పు లోడు ఎత్తినచోటే జరిగింది. అది సరిచేసిన కాగితం వచ్చేదాకా ఐదు రోజులు లైన్లోనే ఉన్నాడు. "టార్పాలిన్ కింద చెమ్మ తగిలి పైవరస కాయ రంగు తిరిగింది. ఎర్రకాయ తాలుకాయ ధరకి పోయింది" అంటున్నప్పుడు ఆయన గొంతులో సరుకు తనదే అయినంత బాధ ఉంది.

నేను చదివిందంతా ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు. సముద్రం లేని దేశానికి దూరం కంటే పెద్ద భారాలు రెండు: ఎంతకాలం ఆగాలో తెలియకపోవడం, తిరుగు ప్రయాణం ఖాళీగా రావడం. దీనికి విశాఖపట్నమే సాక్ష్యం. నేపాల్‌లోని బీర్‌గంజ్‌కి కోల్‌కతా రేవు సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ దానికి దాదాపు రెట్టింపు. అయినా 2016లో నేపాల్ విశాఖ రేవు వాడుకోవడానికి భారత్‌తో ఒప్పందం చేసుకుంది. కోల్‌కతా హుగ్లీ నది మీది రేవు, లోతు తక్కువ. పెద్ద ఓడలు అక్కడిదాకా రాలేవు కాబట్టి సరుకును కొలంబోలోనో సింగపూర్‌లోనో చిన్న ఓడలకు మార్చాలి. విశాఖలో పెద్ద ఓడే తిన్నగా ఒడ్డుకొస్తుంది. అక్కడి నుంచి కంటైనర్లు రైలెక్కి, రక్సౌల్ దాటి, బీర్‌గంజ్‌లోని పొడి రేవులోకి వెళ్తాయి. కంటైనర్‌కి ఎలక్ట్రానిక్ సీలు వేసి పంపితే దారిలో ఎవరైనా తెరిచారో లేదో తెలిసిపోతుంది. సరిహద్దులో మళ్లీ విప్పి చూసే పని తగ్గుతుంది. మా డ్రైవరు బాబాయ్ పడిన ఐదు రోజుల పాట్లలాంటివాటికి నేపాల్ వెతుక్కున్న మందు ఇది. ఖాళీ కంటైనర్ వెనక్కి రావడానికి మాత్రం మందు లేదు. నేపాల్ కొనేది ఎక్కువ, అమ్మేది తక్కువ.

రైలు కిటుకు మనవాళ్లకీ ఎరుకే. 2020 జూలైలో, లాక్‌డౌన్ వల్ల సరిహద్దు దగ్గర లారీలు నిలిచిపోయినప్పుడు, గుంటూరు పక్కన రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కి పార్సిల్ రైల్లో ఎండుమిర్చి వెళ్లింది. మొత్తం 384 టన్నులు. లారీకైతే టన్నుకి సుమారు 7,000 రూపాయలు, రైలుకి 4,608. లెక్కేస్తే ఆ ఒక్క రైలు మీదే తొమ్మిది లక్షలకు పైగా మిగిలింది. బంగ్లాదేశ్‌కి సముద్రం ఉంది, ఆ రైలు దారి మూసుకుపోతే ఓడ ఉంది. నేపాల్‌కి ఆ రెండో తలుపు లేదు. 1989లో భారత్‌తో ఒప్పందాల గడువు తీరిపోయినప్పుడు సరిహద్దులో రెండు దారులు తప్ప మిగతావన్నీ మూతపడ్డాయి. కిరసనాయిలు కోసం ఖాట్మండులో జనం వరసల్లో నిలబడ్డారు.

యార్డు నుంచి బయల్దేరి పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు మీదుగా సముద్రం వైపు వెళ్లాను. దారి పొడుగునా నల్లరేగడి. పత్తి చేలల్లో ఆఖరి తీత అయిపోయి మోడులు నిలబడ్డాయి. కల్లాల్లో ఆడవాళ్లు వంగి తాలు ఏరుతున్నారు. ఎరుపు మధ్యలో తెల్లబడిన కాయ వాళ్ల వేళ్లకు ఎలా తగులుతుందో, చూస్తూ నిలబడినా నాకు అంతుపట్టలేదు. చినగంజాం దగ్గర ఉప్పు మడులు దాటాక మోటుపల్లి.

ఇప్పుడది చిన్న ఊరు. వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం ఉంది. దాని మీద కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. ఆయన రాజధాని ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. అయినా ఆ రాజు ఇక్కడ రాయించినదాని సారాంశం ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుపానుకి పగిలి ఒడ్డున పడితే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ లాక్కునేవారు. మేం అలా చేయం. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల దగ్గర క్లుప్త శుల్కం, అంటే ముందే నిర్ణయించిన సుంకం, తప్ప ఇంకేమీ తీసుకోం. ఎగుమతికీ దిగుమతికీ ముప్పయింటికి ఒకటి. ఆ తర్వాత చందనం, కర్పూరం, ముత్యాలు, రాగి, పట్టుదారం, మిరియాలు, పోకలు, ఒక్కోదానికి రేటు.

చెయ్యి పెట్టి ఆ అక్షరాలు తడిమాను. జాబితాలో మిరప లేదు. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా ఆ కాయ మన గడ్డ మీద లేదు. మా జిల్లాకి పేరు తెచ్చిన పంట కూడా ఓడెక్కి వచ్చిందే. నన్ను ఆపింది మాత్రం ఆ ముప్పయింటికి ఒకటి. ఆ సుంకం తక్కువా ఎక్కువా అన్నది కాదు, బయల్దేరేముందే వర్తకుడికి తెలియడం గొప్ప. రక్సౌల్ లైన్లో బాబాయ్‌కి లేనిది అదే.

ఈ తీరం చేజారితే ఏమవుతుందో కూడా ఈ ఊరే చూసింది. 1766 ఒప్పందంలో ఉత్తర సర్కారులు కంపెనీకి పోయినా, గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండిపోయింది. ఫ్రెంచివాళ్ల మనుషులూ ఆయుధాలూ మోటుపల్లిలోనే దిగేవి. కంపెనీ కన్ను ఈ రేవు మీద పడడానికి అదే కారణం. 1788లో గుంటూరు కంపెనీపరమైంది. ఆ రోజుతో హైదరాబాదుకి సముద్రం లేకుండా పోయింది. 1802లో నిజాం కంపెనీతో వర్తక ఒప్పందం చేసుకుని, బందరు రేవు వాడుకునే హక్కు రాయించుకున్నాడు. 1889 నాటికి సొంత రైలు బెజవాడ దాకా వచ్చింది. అయినా రేవు ఇంకొకరిదే. 1947లో గోవా కొనాలని నిజాం బేరమాడించాడు, కుదరలేదు. 1948లో భారత ప్రభుత్వం సరుకుల రవాణా బిగించినప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. దారులన్నీ మూసుకున్నాక మిగిలింది ఆకాశం ఒక్కటే. నిజాం పాలన మీద నాకు మమకారం లేదు. కానీ రేవు పోయిన రాజ్యం ఒప్పందం, రైలు, కొనుగోలు, విమానం, ఇలా ఎన్ని దారులు వెతుక్కుందో చూస్తే, ఇవాళ నేపాల్ పడుతున్న పాట్లే కళ్లముందు కదులుతాయి.

సముద్రం లేని దేశానికి పొరుగు నేల మీదుగా తీరం చేరే హక్కు ఉందని 1982 సముద్ర చట్ట ఒడంబడిక 125వ అధికరణం ఒప్పుకుంది. కానీ ఆ దారి ఏ షరతుల మీద నడవాలో పొరుగు దేశంతో మాట్లాడుకోవాలని అందులోనే రాశారు. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఇలాంటి వర్ధమాన దేశాలు 32 ఉన్నాయి. వాటిలో మాలి, బుర్కినా ఫాసో, చాద్ మనలాగే పత్తి పండిస్తాయి. అక్కడి రైతు తీసిన పత్తి బేలు ఇంకొక దేశపు రేవు దాటాకే ఓడెక్కుతుంది.

సాయంత్రం ఒడ్డుకి నడిచాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని, "రేవు ఎక్కడుండేది తాతా?" అని అడిగాను. ఆయన సూది ఆపి, సరుగుడు తోట వైపు, ఆ పక్కన ఇసుక మేట వైపు చూశాడు. "మా తాతలు ఇక్కడే అనేవోళ్లు. ఎక్కడని చూపిచ్చేది బాబూ" అని మళ్లీ వల చేతిలోకి తీసుకున్నాడు.