మొంబాసాకు వెళ్లిన రోటావేటర్ మాట

తణుకు చుట్టుపక్కల రైతులకు రోటావేటర్ అమ్మేటప్పుడు నేను చెప్పేది నాలుగు ముక్కలే. "బాబాయ్, ఆరడుగుల మిషను. మీ 45 హెచ్‌పీ బండికి తగిలిస్తే గంటకు ఎకరం. గొర్రు తోలే డీజిల్లో సగం చాలు. సబ్సిడీ కాగితాలు నేను చూసుకుంటా. తేడా వస్తే ఒక్క ఫోన్ కొట్టండి, మా మెకానిక్ మీ గట్టు మీద ఉంటాడు." ఈ మాటతోనే చాలా మిషన్లు షాపు గుమ్మం దాటాయి.

కెన్యాలో మ్వేయా వరి పొలాలకు యంత్రాలు అమ్మే వ్యాపారి ఒకాయన వివరాలు అడిగినప్పుడు, ఇదే మాటను ఇంగ్లీషులో పెట్టే పని నా మీద పడింది. రాయడానికి కూర్చుంటే ఒక సంగతి బయటపడింది. నా మాటలో సగం మిషను చెప్పేది కాదు, మా ఊరు చెప్పేది. రైతు బండి నాకు తెలుసు, ఆయన నేల నాకు తెలుసు, మెకానిక్ అరగంట దూరంలో ఉన్నాడు. మొంబాసా రేవులో దిగే మిషనుకు ఈ మూడూ ఉండవు. అందుకని ఒక్కో ముక్కనూ విడదీసి, సముద్రం దాటినా నిలబడేది ఏదో తేల్చుకున్నాను.

ముందు "గంటకు ఎకరం" సంగతి. ఆరడుగులంటే దగ్గర దగ్గర 1.8 మీటర్ల వెడల్పు. బండి గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిస్తే కాగితం మీద 5400 చదరపు మీటర్లు దున్నాలి. కానీ గట్టు దగ్గర మలుపులు, చాళ్ల మీద చాళ్లు పడటం, మధ్యలో ఆగడం లెక్కేస్తే ముప్పాతిక వంతే చేతికొస్తుంది. అది 4050 చదరపు మీటర్లు, అంటే సరిగ్గా ఎకరం. మాట నిజమే, అయితే ఒక్క చాలుకే. గట్టినేల అయినా, కోత కొయ్యకాళ్లు ఒత్తుగా ఉన్నా రెండో చాలు తప్పదు, అప్పుడు ఎకరానికి రెండు గంటలు. మా రైతుకు ఇది చెప్పక్కర్లేదు, ఆయనకే తెలుసు. ఇంగ్లీషు కాగితంలో మాత్రం వెడల్పు, వేగం, ఒక చాలు అన్న షరతు మూడూ పక్కపక్కనే రాశాను. ఎకరాన్ని ఎకరంగానే ఉంచాను, మ్వేయా రైతులు కూడా ఎకరాల్లోనే మాట్లాడతారు. హెక్టార్ల లెక్క నడిచే దేశానికైతే అంకె మార్చాల్సిందే.

తర్వాత 45 హెచ్‌పీ. ఇక్కడ మా డెల్టాకూ వాళ్ల పొలానికీ తేడా నేల వల్ల కాదు, ఎత్తు వల్ల వస్తుంది. మ్వేయా నేల కూడా నల్లరేగడే, తడిస్తే మన నేల లాగే చక్రానికి పట్టుకుంటుంది. కానీ ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 1100 మీటర్ల పైన ఉంది. అంత ఎత్తులో గాలి పల్చన. టర్బో లేని డీజిల్ ఇంజను ప్రతి 300 మీటర్లకు నూటికి 3 పాళ్ల చొప్పున శక్తి కోల్పోతుందని మా లెక్క. అంటే అక్కడ 45 హెచ్‌పీ బండి 40 బండిలా లాగుతుంది. తడినేలలో ఆరడుగుల మిషను పెడితే ఇంజను నల్లపొగ వదిలి గుంజుకుంటుంది. అందుకే ఇంగ్లీషులో 50 హెచ్‌పీ, లేదా టర్బో ఉన్న 45 అని రాశాను. దానికంటే చిన్న బండి ఉన్నవాళ్లకు ఐదడుగుల మిషను చూపించాను.

"బండికి తగిలిస్తే" అన్న ఒక్క ముక్కకు కాగితంలో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టింది. తగులుతుందో లేదో మూడు కొలతలు చెబుతాయి. పీటీవో 540 ఆర్‌పీఎం, ఆరు పళ్ల షాఫ్టు, 35 మిల్లీమీటర్లు. కింది లింకుల పిన్నులు ఒకటో కేటగిరీ అయితే 22 మిల్లీమీటర్లు, రెండో కేటగిరీ అయితే 28. మిషనుకు ఏది ఉందో, బుష్‌లు మారిస్తే ఏది పడుతుందో రాశాను. మూడోది షాఫ్టు పొడవు. బండి బండికీ మారుతుంది కాబట్టి అక్కడే కోసుకోవాలి. పొడవు ఎక్కువైతే మిషను ఎత్తినప్పుడు లోపలి గొట్టం అడుగుకు తగిలి గేర్‌బాక్సును పొడుస్తుంది. మరీ పొట్టిదైతే రెండు గొట్టాలూ ఒకదాన్నొకటి వదిలేస్తాయి. బాగా సాగదీసినప్పుడు కూడా మూడో వంతు లోపలే ఉండాలి. మా ఊళ్లో ఇది మెకానిక్ చేసే పని, అందుకే నా తెలుగు మాటలో దీని ఊసే లేదు.

డీజిల్ ముక్కను తీసేశాను. సగం అన్నది గొర్రుతో రెండు చాళ్లు తోలే రైతుతో పోల్చి చెప్పినది. మ్వేయాలో అద్దె ట్రాక్టర్లతో రోటావేటర్ వేయించుకోవడం ఎప్పట్నుంచో ఉంది. వాళ్లకు గొర్రుతో పోలిక అక్కరకు రాదు. అద్దెకు తిప్పేవాడు చూసేది సీజనులో మిషను ఎన్నాళ్లు ఆగిపోతుందన్నదే.

సబ్సిడీ మన రైతుకే కాబట్టి ఆ ముక్కా పోయింది. దాని బదులు ఎగుమతికి జీఎస్టీ ఉండదన్నది వచ్చింది. చెన్నై రేవులో ఓడ ఎక్కించేవరకూ ధర ఇంత, ఆపైన కిరాయి, బీమా కొనేవాళ్లవి అని తెగ్గొట్టి రాశాను. కెన్యాకు సరుకు బయల్దేరకముందే వాళ్ల ప్రమాణాల సంస్థ తరఫున తనిఖీ, సర్టిఫికెట్ కావాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే చెప్పకపోతే రేవులో తగువే.

చివరి ముక్క, "మెకానిక్ గట్టు మీద ఉంటాడు." అసలు అమ్మేది ఆ మాటే, పంపలేనిదీ అదే. ఇరవై నాలుగు గంటల సేవ లాంటి తియ్యటి మాట రాయొచ్చు గానీ ఫోన్ ఎత్తినంత మాత్రాన సీలు మారదు. మెకానిక్ మొదటి సీజనులో ఏయే సామాను పట్టుకుని పొలానికి పోతాడో ఆలోచించి ఆ సామానునే మిషనుతో పాటు పెట్టెలో పెట్టాను. బోల్టులతో సహా ఒక సెట్టు బ్లేళ్లు, అంటే 21 కుడివి, 21 ఎడమవి. రోటరు రెండు కొసలకూ ఆయిల్ సీళ్లు, షాఫ్టు క్రాసు ఒకటి, తెగే షియర్ బోల్టులు గుప్పెడు.

దాంతోపాటు ఒక పేజీ. ఊబిలో తిరిగే మిషనుకు మొదట పోయేది సీలు. గడ్డి, పురికొస రోటరు కొసలకు చుట్టుకుని సీలు పెదవిని కోస్తాయి, నీళ్లు లోపలికి దిగుతాయి. సాయంత్రం చుట్టిన గడ్డి లాగేయాలి, పొద్దున్నే ఆయిల్ చూడాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. ఆ పూట మిషను తిప్పకూడదు. సీలు, ఆయిలూ మార్చాకే పొలంలోకి దించాలి. తిప్పితే బేరింగు పోతుంది, దానితో పాటు సీజనూ పోతుంది.

పెట్టె సామాను వల్ల మా ధర పోటీవాళ్ల కంటే పైకి లేచింది. తీసేసి తగ్గిద్దామని అన్నయ్య అన్నాడు, నేను ఒప్పుకోలేదు. పెట్టె ధర విడిగా చూపించాను, వద్దంటే మానుకోవచ్చని రాశాను. ఆ వ్యాపారి మొదటి జవాబులో డిస్కౌంటు అడగలేదు. పిన్ను సైజు అడిగాడు, సీళ్లు రెండు సెట్లు పెట్టమన్నాడు. ధర ఒక్కటే అడిగేవాడు కొటేషన్లు పోగేస్తున్నాడని, పిన్ను అడిగేవాడి దగ్గర ట్రాక్టరు ఉందని ఈ వ్యాపారంలో గుర్తు. ఆయన మిషన్లకు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ ఆ రోజే పంపాను.