దీపం తన వెలుగును తానే చూసుకుంటే

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కుషాయిగూడ వైపు లోపలికి వెళితే చిన్న చిన్న షెడ్లు వరసగా కనిపిస్తాయి. ఒకదాంట్లో ట్రాన్స్‌ఫార్మర్లు చుడతారు, పక్కదాంట్లో రేకు వంచుతారు. నేను వెళ్లింది వాటి మధ్య ఒక మేడమీది వర్క్‌షాపుకి. బయటి వెలుతురును బట్టి వాటంతటవే వెలిగే దీపాలు, మూసుకునే కర్టెన్లు ఇళ్లలో అమర్చడం వాళ్ల పని. యజమాని అరవై దాటిన మనిషి. ఆయనతో పాటు డిప్లొమా చదివిన ఒక అమ్మాయి, నిచ్చెనలు ఎక్కే కుర్రాళ్లు ఇద్దరు.

"ముందు తప్పుగా బిగించింది చూడండి, తర్వాత ఒప్పు చూపిస్తా" అంటూ ఆయన నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లారు. గదికి ఒకటే కిటికీ. కప్పుకు ఎల్ఈడీ దీపం, దానికి జానెడు దూరంలో వేలిగోరంత సెన్సరు. అది బీహెచ్ 1750 అనే చిప్పు. మామూలు ఎల్‌డీఆర్‌లా 'ఎక్కువ, తక్కువ' అని ఊరుకోకుండా వెలుతురును లక్స్‌లలో అంకెగా చెబుతుంది. చదువుకునే బల్ల మీద మూడు వందల లక్స్ ఉంటే కళ్లకు ఇబ్బంది ఉండదు. మబ్బు పట్టిన పగలు ఆరుబయట పదివేలు ఉంటుంది, ఎర్రటి ఎండలో లక్ష దాకా పోతుంది.

ఆయన కిటికీ మీద అట్టముక్క మెల్లగా జరిపారు. స్క్రీన్ మీద అంకె నూటపది, నూటఐదు, తొంభైఎనిమిది. టక్ మని రిలే కొట్టుకుంది, దీపం వెలిగింది. అంకె ఒక్కసారిగా 278కి లేచింది. ఐదు సెకన్లకు మళ్లీ టక్. దీపం ఆరింది, అంకె 98. ఇంకో ఐదు సెకన్లకు మళ్లీ వెలిగింది. అట్ట కదలకుండా అక్కడే ఉంది, దీపం మాత్రం ఆగడం లేదు.

"సెన్సరు చెడిపోలేదండీ, ప్రోగ్రాం కూడా బాగానే ఉంది. వందకు తగ్గితే వెలిగించమన్నాం, వంద దాటితే ఆర్పమన్నాం. చెప్పినట్టే చేస్తోంది. కాకపోతే బయటి వెలుతురు కొలవమని పెడితే తన వెలుగే కొలుచుకుంటోంది."

ఈ జబ్బుతో వచ్చే బోర్డుల్ని కస్టమర్లు పాడైపోయాయని వెనక్కి తెస్తారట. సాయంత్రం మబ్బులు వచ్చిపోతున్నా దీపం ఇలాగే ఆరి వెలుగుతుంది కదా, తేడా ఎలా తెలుస్తుందని అడిగాను. అమ్మాయి జవాబు చెప్పింది: "సెన్సరు చదివే టైము మార్చి చూడాలె సార్. ఐదు సెకన్లది పదిహేను చేస్తే టక్ టక్ కూడా పదిహేనుకు మారిందనుకోండి, అది దీపం పనే. మబ్బు మన టైము చూసుకుని రాదు కదా." ఆ మాటను అప్పటికప్పుడే చేసి చూపించింది. నిజంగానే దీపం పదిహేను సెకన్ల తాళానికి మారింది.

చాలామంది చేసే మొదటి మరమ్మతు వెలిగే హద్దుకూ ఆరే హద్దుకూ మధ్య ఎడం పెంచడం. ఆయన దాన్ని కొట్టిపారేయలేదు, లెక్క మాత్రం చెప్పారు. ఈ గదిలో దీపం వల్ల సెన్సరు దగ్గర పెరిగేది 180 లక్స్. వంద దగ్గర వెలిగితే అంకె వెంటనే 280 అవుతుంది. కాబట్టి ఆరే హద్దు 280 కంటే పైనే ఉండాలి, ఆయన 340 పెట్టారు. అంటే పగటి వెలుతురు నిజంగా 160కి చేరాకే దీపం ఆరుతుంది. వందకు, నూటఎనభైకి మధ్య ఎడం ఇస్తే చాలనుకునేవాళ్లు దీపం వాటాను మరిచిపోతారు. ఎడం దీపం వాటా కంటే తక్కువైతే ఆ టక్ టక్ ఎప్పటికీ ఆగదు. సరిపడా ఎడం ఇచ్చినా, అదే గదిలో ఇంకెవరో టేబుల్ ల్యాంపు వేస్తే మరో అరవై లక్స్ వచ్చి పడుతుంది. అప్పుడు బయట ఇంకా మసకగా ఉండగానే అంకె 340 దాటి పెద్ద దీపం ఆరిపోతుంది. ఎందుకారిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

అందుకే ఈ వర్క్‌షాపులో పాటించే పద్ధతి వేరు. సెన్సరు తాను నడిపించే దీపాన్ని అసలు చూడకూడదు. దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ముఖం బయటికి తిప్పి బిగిస్తారు. కర్టెన్ ఉంటే సెన్సరు అద్దానికీ కర్టెన్‌కూ నడుమ ఉంటుంది. గదిలో ఏం వెలిగినా, కర్టెన్ తెరిచినా మూసినా అది చూసే ఆకాశం మారదు.

వినడానికి ఇంతే, కానీ బిగించేటప్పుడే తిప్పలన్నీ. మొదటి చిక్కు అద్దంతోనే. రాత్రి కిటికీలో మన ముఖం మనకు కనిపిస్తుంది కదా. మామూలు కిటికీ అద్దం తన మీద పడిన వెలుగులో దాదాపు ఎనిమిది శాతం వెనక్కి కొడుతుంది. సెన్సరుకూ అద్దానికీ మధ్య రెండు అంగుళాల ఖాళీ వదిలితే, గదిలోని దీపం అద్దంలో మెరిసి సెన్సరు కంట్లో పడుతుంది. పగలు వేల లక్స్‌ల మధ్య అది లెక్కలోకి రాదు. కానీ దీపం వెలిగించాలా వద్దా అని తేల్చుకోవాల్సింది సందె వేళల్లోనే, అప్పుడు ఆ పది పదిహేను లక్స్‌లే నిర్ణయాన్ని తారుమారు చేస్తాయి. వీళ్లు సెన్సరు చుట్టూ నల్లని స్పాంజి పట్టీ అతికించి అద్దానికి గట్టిగా నొక్కి పెడతారు. వెనక వైపు కూడా నల్లటి డబ్బాతో మూసేస్తారు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు, వెలుగు దాన్ని దాటుకుని లోపలికి వస్తుంది.

రెండో చిక్కు నాకు నవ్వు తెప్పించింది. ఈఎస్‌పీ బోర్డుల మీద మిణుగురులాంటి చిన్న నీలం దీపం ఉంటుంది. సెన్సరుతో పాటు ఆ బోర్డునూ ఒకే డబ్బాలో మూసేస్తే, ఆ మిణుగురే కొన్ని లక్స్ కలుపుతుంది. దాని మీద ఒక చుక్క నల్ల రంగు వేయడం ఇక్కడ రివాజు.

పని సరిగ్గా కుదిరిందా అన్నది రాత్రే తేలుతుంది. కిటికీ బయట వెలుగు స్థిరంగా ఉన్నప్పుడు గదిలోని దీపాలన్నీ వెలిగించి ఆర్పి చూస్తారు. అంకె ఒకటి రెండు లక్స్ కంటే ఎక్కువ కదిలితే ఎక్కడో సందు ఉన్నట్టే. అమ్మాయి ఫోను టార్చి పట్టుకుని డబ్బా చుట్టూ తిప్పుతుంది, అంకె ఎగిరిన చోట టేపు పడుతుంది.

ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్న పని ఉప్పల్ దగ్గర ఒక ఫ్లాటు హాలు. పడమటి కిటికీ, మోటారు కర్టెన్, కప్పుకు నాలుగు దీపాలు. ఆ కిటికీలో నెల రోజులుగా నమోదవుతున్న గ్రాఫు చూపించారు. మధ్యాహ్నం మూడు దాటాక గీత పైకి లేచి, 54,612 దగ్గర కొండ నరికేసినట్టు చదునుగా నడిచింది. ఎండ అక్కడ ఆగిపోలేదు, చిప్పు లెక్కపెట్టగల చివరి అంకె మామూలు అమరికలో అదే. అందుకే సెన్సరు ముందు పాలరంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి అడ్డం పెట్టి, అది ఎన్నో వంతు వెలుగును వదులుతుందో కొలిచి, ఆ లెక్కన అంకెను పెంచుకుంటారు.

కర్టెన్‌కు దీపానికంటే ఓపిక ఎక్కువ కావాలన్నారు ఆయన. ఆ హాల్లో ఇరవైవేల లక్స్ దాటి ఐదు నిమిషాలు నిలిస్తేనే కర్టెన్ మూసుకుంటుంది. ఎనిమిదివేలకు తగ్గి ఇరవై నిమిషాలు ఉంటేనే తెరుచుకుంటుంది. తెరవడంలో ఆలస్యం ఎక్కువ ఎందుకంటే, మబ్బు చాటుకు వెళ్లిన సూర్యుడు మళ్లీ వస్తాడు, ఆ మోటారు చప్పుడు మనుషుల్ని విసిగిస్తుంది.

నాకు అసలు సందేహం ఇక్కడే వచ్చింది. కర్టెన్ మూసుకున్నాక హాలు చీకటవుతుంది, కిటికీ సెన్సరు మాత్రం బయట ఇరవైవేలు ఉందనే చెబుతుంది. మరి దీపం ఎలా వెలుగుతుంది?

ఆయన ముఖం వెలిగింది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కాగితం తీశారు. దీపాలన్నీ ఆర్పేసి, హాల్లో బల్ల మీద ఒక లక్స్ మీటరు పెట్టి, అదే క్షణంలో కిటికీ అంకెను పక్కన రాసుకుంటారు. కర్టెన్ తెరిచినప్పుడు కిటికీలో 5,000 ఉంటే బల్ల మీద 200 వచ్చింది, అంటే ఇరవైఐదో వంతు. మూసినప్పుడు కిటికీలో 20,000 ఉంటే బల్ల మీద 80 వచ్చింది, రెండువందల యాభయ్యో వంతు. కర్టెన్ ఏ స్థితిలో ఉందో మోటారుకు తెలుసు. ప్రోగ్రాం కిటికీ అంకెను ఆ స్థితికి తగిన వంతుతో భాగించి, బల్ల మీద పగటి వెలుతురు ఎంతుందో ఊహిస్తుంది. ఆ ఊహ నూటయాభైకి తగ్గితే దీపం. ఎండ పడ్డాక కర్టెన్ మూసుకుని బల్ల మీద 80 అనుకుంది, దీపం వెలిగింది. దీపం వెలిగినా కిటికీ అంకె మారలేదు, ఊహా మారలేదు, దీపం నిలకడగా ఉంది. నేరుగా ఎండ పడే రోజుకూ మబ్బు రోజుకూ ఈ వంతులు కొంచెం వేరుగా వస్తాయి, రెండు రోజులూ కొలిచి తక్కువ వెలుతురు చూపించేదాన్నే తీసుకుంటారు.

కిటికీ దగ్గరికి వైరు లాగడం కుదరని చోట్లు ఉంటాయి. సెన్సరు దీపంలోనే ఉండాల్సి వస్తే రెండు దారులున్నాయన్నారు. రాత్రి దీపం వాటాను ఒక్కో ప్రకాశ స్థాయిలో కొలిచి పెట్టుకుని, పగలు చదివిన అంకెలోంచి తీసేయడం ఒకటి. కానీ బల్ల మీద తెల్లగుడ్డ పరిచినా ఆ వాటా మారుతుంది. పైగా 195 లోంచి 180 తీసి 15 మిగిల్చే లెక్కలో పది తప్పిందంటే ఇక మిగిలిందేమీ నమ్మదగ్గది కాదు. దీపం ఆరిన క్షణంలోనే చదవడం రెండోది. బీహెచ్ 1750కి ఒక్క కొలతకు 120 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపు ఆర్పితే కంటికి రెప్పపాటులా తెలుస్తుంది. పీడబ్ల్యూఎంతో నడిచే ఎల్ఈడీ సెకనుకు కొన్ని వందలసార్లు ఆరి వెలుగుతుంది కాబట్టి, మైక్రోసెకన్లలో స్పందించే ఫోటో ట్రాన్సిస్టర్ పెట్టి ఆ ఖాళీల్లో చదవొచ్చు. నేరుగా కరెంటుకు పెట్టే ఎల్ఈడీ బల్బుకు మాత్రం ఈ ఉపాయం పారదు, స్విచ్చు తీశాక కూడా లోపలి కెపాసిటర్ దాన్ని కాసేపు వెలిగిస్తూనే ఉంటుంది.

ఉప్పల్ హాల్లో మిగిలిన చిక్కు ఒకటుంది. ఆ ఇంటావిడ కర్టెన్‌కు లోపల పల్చటి తెల్లపరదా ఒకటి కట్టించుకున్నారు, దాన్ని చేత్తో లాగుతారు. అది మూసి ఉన్నప్పుడు ఇరవైఐదో వంతు కాస్తా నలభయ్యో వంతు అవుతుంది. మోటారుకు ఆ సంగతి తెలిసే దారి లేదు. పరదాకు అయస్కాంతం, చట్రానికి రీడ్ స్విచ్ పెడదామని అమ్మాయి అంటోంది. ఆయన మాత్రం గోడ మీద మామూలు స్విచ్చు ఒకటి ఉంచి, అది నొక్కితే రెండు గంటలపాటు ప్రోగ్రాం జోక్యం చేసుకోకుండా పెడదామంటున్నారు. నేను బయల్దేరేటప్పటికి ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.