రెండు వేల కోట్ల పోలికలు

రాత్రి పదకొండున్నర. హాస్టల్ గదిలో కుర్రాడి స్క్రీన్ మీద మూడోసారి అదే ఎర్ర అక్షరాలు: Time Limit Exceeded. లెక్క చూస్తే చిన్నదే. వరుసలో ముందున్న పెద్ద సంఖ్య, వెనకున్న చిన్న సంఖ్య ఒక ఇన్వర్షన్. అలాంటి జతలెన్నో చెప్పాలి. అతను లూప్‌లో లూప్ పెట్టాడు. పది సంఖ్యలకైతే 45 పోలికలే. 2 లక్షలకు దాదాపు 2 వేల కోట్లు!

పక్క మంచం మీది సీనియర్ కాగితం లాక్కున్నాడు. ‘మెర్జ్ సార్ట్ ఎలాగూ వచ్చు కదరా, కలిపేటప్పుడే లెక్కెట్టు’ అంటూ ఎడమ సగం 2, 5, 8; కుడి సగం 1, 3, 9 అని రాశాడు. ముందు 1 దిగుతుంది. అప్పటికి ఎడమవైపు మూడూ మిగిలే ఉన్నాయి, అన్నీ 1 కన్నా పెద్దవే. ఒక్కొక్కటీ పోల్చక్కర్లేదు, ఒకేసారి 3 కలపొచ్చు. తర్వాత 2 దిగుతుంది. 3 వంతు వచ్చేసరికి 5, 8 ఉన్నాయి కాబట్టి ఇంకో 2. మొత్తం 5.

```
count += mid - i;
```

కొత్తగా చేరింది ఈ ఒక్క వరసే; i ఎడమ సగంలో ఇప్పుడున్న చోటు, mid కుడి సగం మొదలు. సమాన సంఖ్యలొస్తే ఎడమదాన్నే ముందు దించాలి, లేకపోతే లెక్క ఉబ్బుతుంది. 2 లక్షల సంఖ్యలకు 18 అంతస్తుల కలపడం, సుమారు 36 లక్షల అడుగులు.

అయినా పూర్తిగా తిరగేసిన వరుసకు జవాబు -1474936480 వచ్చింది. జతల లెక్క మైనస్‌లో ఎలా ఉంటుంది? count ఇంకా int గానే ఉంది మరి. long long చేశాక 19999900000 కనిపించింది.