మూకుడులో మిగిలింది

20 జనవరి 2025, సోమవారం

ఈ రోజు నుంచి కూరల లెక్క రాస్తున్నాను. పోయిన నెల పరీక్షల్లో నాకు ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ వచ్చాయి. డాక్టరమ్మ రోజుకు ఎన్ని కేలరీలు తింటున్నానో రెండు వారాలు రాసి తెమ్మన్నారు. అన్నం, పెరుగు తూచుకోవడం తేలిక. చిక్కంతా కూరతోనే. ఐదుగురికి ఒకే మూకుడులో వండుతాను, ఎవరికి ఎంత వేశానో గుర్తుండదు.

ముందు అందరి కంచాలూ తూచాలనుకున్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. "తినేవాళ్ల కంచం తూచడమేంటమ్మా, దిష్టి తగలదూ? నీ గిన్నె నువ్వు తూచుకో" అన్నారు. ఆలోచిస్తే ఆవిడ మాటలోనే దారి ఉంది. వండాక గిన్నె తూచాలి, వాళ్లు నలుగురూ తిన్నాక మళ్లీ తూచాలి. మిగిలినదాంట్లో ఎన్ని కేలరీలున్నాయో తేలితే తిన్నవెన్నో కూడా తేలుతుంది. నేను చివర్లో తింటాను కాబట్టి ఆ మిగిలిందే నా వాటా.

మొదటి పని ఖాళీ గిన్నెల బరువు. కూర వేశాక గిన్నె బరువు తెలుసుకునే దారి ఉండదు. ఇండాలియం మూకుడు 920 గ్రాములు, పప్పు గిన్నె 610. కాగితం మీద రాసి అలమర తలుపు లోపల అంటించాను. మా కాటా ఐదు కిలోల వరకు తూస్తుంది. వేడి గిన్నె నేరుగా పెడితే అంకె నిలవడం లేదు. అందుకని చిన్న చెక్కపీట పెట్టి, సున్నా చేసి, దాని మీద గిన్నె పెడుతున్నాను.

21 జనవరి, మంగళవారం

టమాటా పప్పుతో మొదలుపెట్టాను. కేలరీల అంకెలకు మా అమ్మాయి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల 2017 ఆహార పట్టికలు తీసిచ్చింది. కందిపప్పు దగ్గర వెయ్యి దాటిన అంకె చూసి కంగారుపడ్డాను. ఆ పట్టికలో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. దాన్ని 4.184తో భాగిస్తే మనం మామూలుగా అనుకునే కేలరీలు వస్తాయి. అలా చూస్తే కందిపప్పు 100 గ్రాములకు దాదాపు 330.

పచ్చి సరుకులన్నీ వండక ముందే తూచాను. కందిపప్పు 200 గ్రాములకు 660, టమాటాలు 250 గ్రాములకు 50, పోపు నూనె 20 గ్రాములకు 180. మొత్తం 890. నీళ్లకు కేలరీలుండవు కాబట్టి ఎన్ని పోశానన్నది అక్కర్లేదు. పోపు కలిపి దించాక పప్పు సరిగ్గా కిలో తూగింది. అంటే గ్రాముకు 0.89.

వాళ్లు తిన్నాక తూస్తే 395 గ్రాములొచ్చింది. చూస్తే గరిటె లోపలే ఉంది! అది తీసేస్తే 300. గరిటె ఒక్కటే 95 గ్రాములు, అంటే ఎనభై ఐదు కేలరీల తప్పు. మిగిలిన పప్పు 300 × 0.89, రమారమి 270. మెత్తగా మెదిపిన పప్పు పైనా కిందా ఒకేలా ఉంటుంది. ఒకసారి అడుగు నుంచి కలిపి వడ్డిస్తే ఈ లెక్కను నమ్మవచ్చు.

22 జనవరి, బుధవారం

గుత్తివంకాయ కూర. వంకాయలు 750 గ్రాములకు 190, వేరుశనగపప్పు 60 గ్రాములకు 340, నువ్వులు 30 గ్రాములకు 170, ఎండుకొబ్బరి 20 గ్రాములకు 130, ఉల్లిపాయలు 150 గ్రాములకు 70, నూనె 80 గ్రాములకు 720. చింతపండు, బెల్లం, ధనియాలు, కారం కలిపి 130 అనుకున్నాను. మొత్తం 1,750. మొత్తం కూరకు వంకాయలు ఇచ్చేది 190 అయితే నూనె ఒక్కటే 720 ఇస్తుంది.

దించాక కూర 1,250 గ్రాములు. గ్రాముకు 1.4. వాళ్లు నలుగురూ తిన్నాక మిగిలింది 420 గ్రాములు. 420 × 1.4 అంటే 588 అని రాశాను.

రాశాక మూకుడులోకి చూస్తే ఆ అంకె మీద నమ్మకం పోయింది. పన్నెండు వంకాయల్లో మిగిలినవి రెండే. తక్కినదంతా చిక్కటి గుజ్జు, దాని మీద ఎర్రగా తేలిన నూనె. వడ్డించేటప్పుడు మామయ్యగారికి నూనె తగలకుండా గరిటెను పక్కకు వంచి కాయ మాత్రమే తీశాను. మా వారికీ, అమ్మాయికీ అంతే. మూకుడంతా సగటున గ్రాముకు 1.4 అన్నది నిజమే. కానీ మిగిలింది ఆ సగటు కూర కాదు. కాయలు వాళ్ల కంచాల్లోకి వెళ్లాయి, నూనె నా కోసం మిగిలింది.

26 జనవరి, ఆదివారం

మళ్లీ అదే కూర, అవే కొలతలు. మొత్తం 1,750. చివర్లో కాసిని వేడినీళ్లు పోసి, ఈసారీ 1,250 గ్రాముల దగ్గరే దించాను. ఈసారి నూనెను వేరే లెక్కగట్టాను.

పొయ్యి ఆపి పది నిమిషాలు కదపకుండా ఉంచాను. మూకుడును ఒక వైపు కొద్దిగా వంచితే నూనె ఆ మూలకు చేరింది. దాన్ని చెంచాతో బరువు తెలిసిన చిన్న గిన్నెలోకి తీశాను. 40 గ్రాములు, అంటే 360 కేలరీలు. పోసిన 80 గ్రాముల్లో సగం పైకి తేలిందన్నమాట. తక్కిన సగం వంకాయల్లోనూ మసాలాలోనూ ఇంకింది. తేలిన నూనె తీసేశాక కూర 1,210 గ్రాములు, అందులో 1,390 కేలరీలు. గ్రాముకు 1.15. తూకం అయ్యాక నూనెను తిరిగి మూకుడులోనే పోశాను. ఇంట్లో ఎవరి రుచీ చెడగొట్టడం నాకిష్టం లేదు.

భోజనాలయ్యాక మిగిలింది 400 గ్రాములు. మళ్లీ వంచి తీస్తే నూనె 34 గ్రాములు. మొదట తేలిన నలభైలో ఆరు గ్రాములే నలుగురి కంచాల్లోకి వెళ్లాయి! ఇక లెక్క సులువు. నూనె 34 గ్రాములకు 306. తక్కిన 366 గ్రాములకు 1.15 చొప్పున 421. మొత్తం 727.

పాత పద్ధతిలో అయితే 400 × 1.4, అంటే 560 అని రాసేదాన్ని. 167 కేలరీలు తక్కువ పడేవి. వాళ్లు నలుగురూ తిన్నది 1,190 కాదు, 1,023.

ఇది గ్రాము దాకా కచ్చితమని అనను. చెంచాతో పాటు కొంచెం గుజ్జూ వస్తుంది. కాయలో, గుజ్జులో ఇంకిన నూనె సమానంగా ఉండదు. మొదటి తూకానికీ రెండో తూకానికీ మధ్య ఆవిరైపోయే నీరూ ఉంది. నిన్న బీరకాయ కూర వండాక, ఎవరూ ముట్టక ముందే ముప్పావుగంట మూత తీసి ఉంచి చూశాను. 25 గ్రాములు తగ్గింది. దాన్ని ఎవరో తిన్నట్టే లెక్క చూపిస్తుంది. అందుకే వడ్డించే ముందు తూచాలి, మధ్యలో మూత పెట్టాలి. ఆ తప్పులన్నీ చిన్నవే. తేలిన నూనెను వదిలేయడం మాత్రం పెద్ద తప్పు.

రాత్రి నేను పెరుగన్నంతో సరిపెట్టుకుని కూరంతా ఫ్రిజ్‌లో పెట్టాను.

27 జనవరి, సోమవారం

పొద్దున కూర వేడిచేశాను. ఫోను వచ్చి మాటల్లో పడితే ఇంకాస్త దగ్గరపడింది. తూస్తే 345 గ్రాములు. రాత్రి 400 ఉండాలి. పోయిన 55 గ్రాములూ నీరే, కేలరీ ఒక్కటీ పోలేదు. 727ను 345తో భాగిస్తే గ్రాముకు 2.1. అలమర తలుపు మీద రాసుకున్న 1.4ను ఈ కూరకు వాడితే 483 వచ్చేది.

ఇక నుంచి మిగిలిన కూర గిన్నె మీద గ్రాముకు ఎంతన్నది రాయను. అందులో మొత్తం ఎన్ని కేలరీలున్నాయో రాసి పెడతాను. దగ్గరపడినా నీళ్లు పోసినా ఆ అంకె మారదు. సగం తింటే సగం కేలరీలు.

నూనె కలిసేలా బాగా తిప్పి, సగం నేను వేసుకున్నాను. 363. పాత లెక్కలో ఇది 241 అయ్యేది.

మిగతా సగం మధ్యాహ్నం అయిపోయింది. ఖాళీ మూకుడు తూస్తే 938 ఉంది. కడిగితే 920. ఆ 18 గ్రాములూ అంచుకు పట్టిన మసాలా, నూనె. అందులో వేడి అన్నం కలిపి తినడం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. మా అమ్మా అలాగే తినేది. ఇవాళ దాన్ని కలుపుకోకుండా కడిగేశాను.

2 ఫిబ్రవరి, ఆదివారం

రెండు వారాల లెక్క పూర్తయింది. పప్పు, పులుసు, నూనె తేలని వేపుళ్లకు మామూలు తూకం చాలు. అడుగు నుంచి కలిపి, గరిటె తీసి తూచి, గ్రాముకు ఇంతని గుణిస్తే సరి. నూనె తేలే గుత్తివంకాయ, మసాలా కూరలకు మాత్రం నూనెను విడిగా తూచక తప్పదు.

మా వారికి లెక్కంతా చూపించాను. పుస్తకం తిరగేసి, "అంటే ఆఖరున తినేవాళ్లకే నూనె ఎక్కువ వస్తుందన్నమాట" అన్నారు. అవునండీ, అదే. ఇన్నాళ్లూ నా కంచంలో కూర కొంచెమే ఉంటోందని, తక్కువే తింటున్నానని అనుకున్నాను. బరువు తక్కువే, కేలరీలు కావు.

డాక్టరమ్మకు చూపించే కాగితంలో మూడు మార్పులు రాశాను. గుత్తివంకాయకు నూనె 80 నుంచి 45 గ్రాములకు. తేలిన నూనె వడ్డించక ముందే తీసి, మర్నాటి పోపుకు. నేనూ వాళ్లతో పాటే కూర్చుని, కూర కలిపి ఉన్నప్పుడే వడ్డించుకోవడం.

ఇవాళ ఐదుగురం ఒకేసారి భోజనానికి కూర్చున్నాం. మూకుడులో మిగిలింది 210 గ్రాములు, అందులో మూడు వంకాయలు.