సర్వర్ తలలో ఏమీ దాచకూడదు

మా గుడిలో సేవల బుకింగ్ ప్రోగ్రామ్ నేనే రాశాను. నా చదువంతా ఇంగ్లీషు మీడియం, అందుకే ఈ సంగతి తెలుగులో చెప్పడం నాకు ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్దండి.

మొదట్లో ఒకే సర్వర్ ఉండేది. భక్తులు ఎంచుకున్న అర్చన, గోత్రం, నక్షత్రం అన్నీ డబ్బు కట్టేదాకా ప్రోగ్రామ్ మెమరీలోనే ఉండేవి.

```python
carts = {}
```

వైకుంఠ ఏకాదశికి రద్దీ ఉంటుందని అదే ప్రోగ్రామ్‌ను క్లౌడ్‌లో మూడు సర్వర్ల మీద నడిపాం. వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది. వచ్చిన ప్రతి క్లిక్కునూ అది మూడింటిలో ఏదో ఒకదానికి పంపుతుంది.

పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. "అంకుల్, గోత్రం రాసి నెక్స్ట్ నొక్కితే అంతా ఖాళీ అయిపోయింది," అంది ఒకమ్మాయి. "రెండుసార్లు రీఫ్రెష్ చేస్తే మళ్లీ వచ్చిందండీ," అన్నారు ఇంకొకాయన. ఆ రెండో మాటతో తప్పు దొరికింది. వివరాలు ఎక్కడికీ పోలేదు, మొదటి సర్వర్‌లోనే ఉన్నాయి. తర్వాతి క్లిక్కు వేరే సర్వర్‌కి వెళ్లింది. దానికి ఈ మనిషెవరో తెలియదు.

అప్పటికి తోచిన ఉపాయం స్టికీ సెషన్. అంటే ఒక మనిషి క్లిక్కులన్నీ ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపడం. ఫోన్లు ఆగాయి. మధ్యాహ్నం ఒక సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. దాని మెమరీతోపాటు దాన్ని నమ్ముకున్నవాళ్ల వివరాలన్నీ పోయాయి.

కౌంటర్‌లో మేం ఇలా చెయ్యం. ఎవరేం అడిగారో పుస్తకంలో రాస్తాం. నేను భోజనానికి లేస్తే ఇంకొకరు కూర్చుని అదే పుస్తకం చూస్తారు. సర్వర్లకూ అలాంటి పుస్తకమే కావాలి. మేం రెడిస్ పెట్టాం.

```python
r = redis.from_url(os.environ["REDIS_URL"])
r.setex("cart:" + sid, 1800, json.dumps(cart))
```

ఇప్పుడు బ్రౌజర్ కుకీలో `sid` అనే గుర్తు మాత్రమే ఉంటుంది. మూడు సర్వర్లూ ఆ గుర్తుతో ఒకేచోట వెతుకుతాయి. 1800 సెకన్లు, అంటే అరగంట ఎవరూ కదపకపోతే ఆ వివరాలు చెరిగిపోతాయి. కట్టేసిన సేవలు మాత్రం డేటాబేస్‌లోకి వెళ్తాయి. రెడిస్ చిరునామాను కూడా కోడ్‌లో రాయలేదు. బయట ఎన్విరాన్‌మెంట్ నుంచి తీసుకుంటాం, కాబట్టి చిరునామా మారినా కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

2011 ప్రాంతంలో హెరోకూ వాళ్లు రాసిన ట్వెల్వ్-ఫ్యాక్టర్ సూత్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. సెట్టింగులు బయట ఉంచమనేది మూడోది, ప్రాసెస్ తనలో ఏమీ దాచుకోకూడదనేది ఆరోది. స్టికీ సెషన్ వద్దని ఆ ఆరోదానిలోనే స్పష్టంగా ఉంది. నేను ఆలస్యంగా చదివాను.

ఒకటి మాత్రం మరవకండి. భారం మాయం కాలేదు, చోటు మారిందంతే. రెడిస్ ఆగితే మూడు సర్వర్లూ చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు ప్రతి పండగకి ముందు ఒక పరీక్ష చేస్తాను. రెండు సర్వర్లు నడుపుతూ సగం ఫారం నింపి, ఒకదాన్ని ఆపి నెక్స్ట్ నొక్కుతాను. తర్వాత దాన్ని మళ్లీ లేపి, రెండోదాన్ని ఆపి నొక్కుతాను. రెండుసార్లూ నా గోత్రం అక్కడే కనిపిస్తే ప్రోగ్రామ్ పండక్కి సిద్ధమైనట్టే.