మీటరు చూసి రాసిన ఉత్తరం

2023లో ఆత్మకూరు ఆఫీసు నుంచి పాములపాడు మండలానికి పార్సిళ్లు ఇచ్చే పనిలో ఉన్నాను. బండి నాది, పెట్రోలు నాది. ఇచ్చిన ప్రతి పార్సిలుకు ఇంత అని కూలి. దూరానికి ఆ లెక్కలో చోటు లేదు. బానకచర్ల కాలువ గట్టు మీదుగా పోయి ఒకే పార్సిలు ఇచ్చినా, పాములపాడు బస్టాండు పక్కన ఇచ్చినా అంతే. డబ్బు కట్టి తీసుకోవాల్సిన వాళ్లు చేనికి పోయి ఉంటే ఆ తిరుగుడుకు ఏమీ వచ్చేది కాదు. మరునాడు మళ్లీ పోవాల్సి వచ్చేది.

అలవెన్సు అడుగుతూ ఓనరుకు ఉత్తరం రాద్దామనుకున్నప్పుడు మా మెకానిక్ ఒక మాట చెప్పాడు. "అన్నా, నెలకింత కావాలని అడగొద్దు, కిలోమీటరుకెంతో తేల్చి అడుగు." ట్యాంకు నిండా పోయించి మీటరు రాసుకున్నాను. మళ్లీ నింపేటప్పుడు పట్టిన లీటర్లతో నడిచిన దూరాన్ని భాగించాను. కంపెనీ చెప్పే మైలేజీ ఎంతైనా, గడపగడపకూ ఆగి, మట్టి దారిలో మొదటి, రెండో గేర్లలో నడిచే బండికి వచ్చేది 50.

ఉత్తరంలో ఇలా రాశాను: "గౌరవనీయులైన సార్ గారికి, నమస్కారాలు. నెలకు నా బండి సుమారు 1,800 కిలోమీటర్లు తిరుగుతోంది. 36 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 3,960. ఇంజిన్ ఆయిల్ 3,000 కిలోమీటర్లకోసారి, 500 రూపాయలు, అంటే నెలకు 300. వెనక టైరు 2,000, వచ్చేది 18,000 కిలోమీటర్లు, నెలకు 200. చైన్ సెట్టు 1,500, 15,000 కిలోమీటర్లకు మార్చాలి, నెలకు 180. బ్రేకులు, కేబుళ్లు, పంక్చర్లు 200. మొత్తం 4,840. కిలోమీటరుకు దాదాపు 2 రూపాయల 70 పైసలు. ఆ రేటు ఇప్పించండి. పెట్రోలు ధర మారితే లెక్క కూడా మార్చుకుందాం." పెట్రోలు రశీదులు, మెకానిక్ బిల్లులు, రోజూ పొద్దున, సాయంత్రం తీసిన మీటరు ఫోటోలు జత చేశాను.

ఓనరు పెట్రోలు అంకెను ప్రశ్నించలేదు. చైన్ సెట్టు దగ్గర ఆగాడు. "బండి నీ సొంత పనికి కూడా తిరుగుతుంది కదప్పా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. సాయంత్రం మీటరుకూ మరునాటి పొద్దుటి మీటరుకూ ఉన్న తేడా నా సొంత తిరుగుడు, అది ఈ 1,800లో లేదని ఫోటోలు చూపించాను. వానాకాలంలో జూటూరు, వేంపెంట వైపు నల్లరేగడి బురద చైనుకు పట్టి ఆరిపోతుందనీ, కడిగి ఆయిల్ వేయకపోతే పళ్లు ముందే అరుగుతాయనీ చెప్పాను.

మరుసటి నెల నుంచి కిలోమీటరుకు 2 రూపాయల 20 పైసలు పెట్రోలుకు ఇచ్చాడు. ఇంటికి తాళం వేసి ఉన్నప్పటి తిరుగుడు కూడా అందులో కలిసింది. ఆయిల్, టైరు బిల్లు చూపితే ఇస్తానన్నాడు, ఇచ్చాడు. చైన్ సెట్టు, బ్రేకులు, పంక్చర్లు మాత్రం ఇప్పటికీ నా జేబులోంచే పోతున్నాయి. ఈ పని చేసే తమ్ముళ్లు అడగబోయే ముందు కనీసం ఒక నెల మీటరు రాసి పెట్టుకోండి.