ఉమామహేశ్వరనామం: ఒక పేరు, రెండు సంతకాలు

శతపథబ్రాహ్మణంలో ఒక ఆఖ్యాయిక ఉన్నది. అప్పుడే జన్మించిన కుమారుడు రోదిస్తూ ఉంటే, ప్రజాపతి కారణమడుగుతాడు. తనకు పేరు లేదనీ, పేరు లేనందున పాపం తనను విడువలేదనీ, కనుక నామకరణం చేయమనీ ఆ శిశువు వేడుకొంటాడు. రోదించినవాడు కనుక ప్రజాపతి ఆతనికి రుద్రుడని పేరు పెడతాడు. అది చాలదన్నాడు ఆ శిశువు. శర్వుడు, పశుపతి, ఉగ్రుడు, అశని, భవుడు, మహాదేవుడు, ఈశానుడు అని ఎనిమిది నామాలు లభించిన తరువాత గాని ఆతడు శాంతించలేదు. పేరు కోసం ఏడ్చిన దైవం పేరునే ధరించి, దానిలో సగాన్ని తానే తీసివేసి, నలభై సంవత్సరాల తరువాత ఆ సగం కోసం పరితపించిన ఒక సామాన్యుని వృత్తాంతమిది.

ఆయన స్వస్థలం అచ్చంపేట. ఆ పట్టణానికి సమీపంలో, రంగాపురం దాటిన తరువాత, నల్లమల కొండ మీద ఉమామహేశ్వర క్షేత్రం ఉన్నది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని ప్రసిద్ధి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఈ ఉమామహేశ్వరం. కొండచరియ నీడలో ఆలయం, దాని చెంతనే పాపనాశన తీర్థం. ఇద్దరు బిడ్డలను పురిటిలోనే పోగొట్టుకొన్న ఒక ఇల్లాలు సంక్రాంతి ఉత్సవాలకు ఆ కొండ ఎక్కి మొక్కుకొన్నది. మూడవ కాన్పులో పుట్టి బ్రతికిన బిడ్డకు స్వామి పేరే పెట్టారు. ఉమామహేశ్వరుడు.

నామకరణ విషయంలో గృహ్యసూత్రకారులు అక్షరాలను సైతం లెక్కించారు. పురుషునికి సరిసంఖ్య అక్షరాలు ఉండాలనీ, ప్రతిష్ఠ కోరేవారు రెండక్షరాల పేరు, బ్రహ్మవర్చస్సు కోరేవారు నాలుగక్షరాల పేరు పెట్టవచ్చుననీ ఆశ్వలాయనుని మతం. ఇది గాక, ఉపనయనం వరకు తల్లిదండ్రులకు మాత్రమే తెలిసిన మరొక పేరును కూడా ఆయన విధించాడు. అనగా లోకం పిలిచే పేరు ఒకటి, కన్నవారి హృదయంలో ఉండే పేరు మరొకటి అన్న భేదాన్ని శాస్త్రం ఆనాడే గుర్తించింది. ఆ తల్లికి గృహ్యసూత్రాలు తెలియవు. అయినా ఆమె బిడ్డను పూర్తి పేరుతో ఏనాడూ పిలువలేదు. "ఉమయ్యా!" అన్నదే ఆమె పిలుపు. తండ్రి "మయేశా" అనేవాడు. ఊరివారికి ఆయన "మామేశం". ఆరక్షరాల దేవతానామం పొలం గట్టు మీద మూడక్షరాలుగా అరిగిపోవడం పాలమూరు సీమలో సహజమే. అక్కడ లింగమూర్తి లింగడవుతాడు, మల్లికార్జునుడు మల్లయ్య అవుతాడు. పేరు అరిగినందున స్వామి అరగడు.

చిక్కు బడిలో మొదలయింది. తరగతిలో ఉమ అనే బాలిక ఉండేది. హాజరు పిలిచే వేళ ఉపాధ్యాయుడు "ఉమ" అనగానే ఇద్దరూ లేచారు. ఆ రోజు మొదలు తోటి బాలురు ఆయనను "ఉమక్కా" అని వెక్కిరింపసాగారు. మూడేళ్లు ఓర్చుకొన్నాడు. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపవలసిన సమయంలో, తండ్రికి చెప్పకుండా, తన పేరు "మహేశ్వర్" అని వ్రాయించుకొన్నాడు. మహేశ్వర శబ్దంలోనూ నాలుగక్షరాలే ఉన్నవి. సూత్రకారుని లెక్క తప్పలేదు. తప్పినది మరొకటి.

ఉమామహేశ్వర శబ్దాన్ని వైయాకరణులు రెండు విధాలుగా విప్పుతారు. ఉమయును మహేశ్వరుడును అని ద్వంద్వంగా విప్పితే అది ఇద్దరి పేరు, సంస్కృతంలో ద్వివచనం వస్తుంది. ఉమతో కూడిన మహేశ్వరుడు అని విప్పితే మధ్యపదం లోపించిన సమాసం, ఒక్కని పేరు. మనుష్యునికి పెట్టినపుడు రెండవ విగ్రహమే కుదురుతుంది. అందులో ఉమ మహేశ్వరునికి విశేషణం. అమ్మవారు లేని అయ్యవారిని ఆ పేరు చెప్పదు. ఆ కొండ మీది తల్లికి చేసిన మొక్కును ఆ బాలుడు తెలియకయే కలంతో కొట్టివేశాడు.

ఉమ అన్న పేరు ఎట్లా వచ్చినదో కాళిదాసు కుమారసంభవ ప్రథమసర్గలో చెప్పాడు. బంధువులు ఆ బాలికను వంశాన్ని బట్టి పార్వతి అని పిలిచారు. పర్వతరాజు కూతురు కనుక పార్వతి. తపస్సుకు పోబోతున్న కూతురిని తల్లి మేన "ఉ, మా" అని, అనగా "అమ్మా, వద్దు" అని వారించినందున తరువాత ఉమ అయినది. మన వ్యవహారంలో చెప్పుకొంటే పార్వతి అన్నది ఇంటిపేరు వంటిది, తండ్రి వైపు నుండి వచ్చింది. ఉమ అన్నది తల్లి నోటి పిలుపు. కేనోపనిషత్తులో ఇంద్రునికి యక్షుడెవరో తెలిపిన దేవి కూడా ఉమా హైమవతి. అక్కడా ఇదే జంట, తనదైన పేరొకటి, హిమవంతుని ఇంటిది అన్న గుర్తొకటి. కుమారుడు తొలగించుకొన్నది తల్లి పిలిచే భాగాన్నే. ఆమె మాత్రం చివరిదాకా "ఉమయ్యా" అనే పిలిచింది. ఇంట ఎవరూ పిలువని "మహేశ్వర్" ఉద్యోగంలో, జీతపు పట్టీలో, బ్యాంకు పుస్తకంలో పెరిగి పెద్దవాడయ్యాడు.

ఇంటిపేరు కథ వేరు. ఆయన ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరు కృష్ణకు ఆవల ఉన్నదని తాత చెప్పేవాడు. ఎన్ని తరాల క్రిందట, ఏ కరవుకు వలస వచ్చారో ఎవరికీ తెలియదు. తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు విశేషంగా ఉన్నవి. ఉన్న ఊరిలో ఆ పేరుకు అవసరం లేదు, అక్కడ అందరూ ఆ ఊరివారే. ఊరు విడిచిన తరువాతనే "ఫలానా ఊరివారు" అన్న గుర్తు పుడుతుంది. కనుక ఊరి పేరు గల ఇంటిపేరు తరచుగా ఒక ప్రయాణానికి మిగిలిన ఆనవాలు. పాత పాలమూరు జిల్లాలోనే ప్రసిద్ధమైన దృష్టాంతమున్నది. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావుగారి వంశనామం పుల్లంరాజు. స్వగ్రామమైన బూర్గుల పేరే వారి ఇంటిపేరుగా స్థిరపడింది. ఒక జీవితకాలంలోనే మారగలిగిన దానిని అనాదిసిద్ధమని భావించడం భ్రాంతి.

తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. మనిషి కంటె ముందు గడప కనబడుతుంది. అయితే ఆధునిక పత్రాలలో అది ఒక్క అక్షరంగా కుదించుకుపోయింది. ఆ అక్షరం వెనుక ఏ ఊరున్నదో చదివేవానికి తెలియదు. కొన్ని పత్రాలు దానిని పేరు చివరికి నెట్టినవి. ఆయన పత్రాలలో ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట పొడి అక్షరం, భూమి కాగితంలో పూర్తిగా.

తండ్రి గతించిన సంవత్సరం ఈ భేదాలన్నీ ఒక్కసారిగా ఎదురునిలిచినవి. మూడెకరాల పట్టా వారసత్వంగా మార్పించుకొనవలసి వచ్చింది. తండ్రి ఏనాడో వ్రాయించిన కుటుంబ పత్రంలో కుమారుని పేరు ఇంటిపేరుతో సహా "ఉమామహేశ్వరయ్య". కుమారుడు తెచ్చిన ధ్రువపత్రాలలో "మహేశ్వర్". కార్యాలయంలో గుమాస్తా రెండు కాగితాలనూ ప్రక్కప్రక్కన పెట్టి, "ఈయన కొడుకు ఉమామహేశ్వరయ్య కదా, మీరెవరు సార్?" అని అడిగాడు. అందులో ఎగతాళి లేదు. కాగితం ప్రకారం న్యాయమైన ప్రశ్నయే.

దానికి విహితమైన పరిహారం ప్రమాణపత్రం. స్టాంపు కాగితం మీద, నోటరీ ఎదుట, ఈ రెండు పేర్లును ఒకే వ్యక్తివని ప్రమాణం చేయాలి. ఊరివారిద్దరు సాక్షులుగా నిలిచారు. వారిలో ఒక వృద్ధునికి ఆయన మహేశ్వర్ అన్న సంగతే తెలియదు. "మన మామేశమే కదా!" అని వేలిముద్ర వేశాడు.

వేదాంత ప్రకరణాలలో దేవదత్తుని దృష్టాంతం విన్నవారికి ఆ ప్రమాణపత్రం కొత్తది కాదు. ఒకప్పుడు ఒకచోట చూచిన దేవదత్తుని ఇప్పుడిక్కడ చూచి "ఆ దేవదత్తుడే ఈతడు" అంటాము. ఆనాటి దేశకాలాలు వేరు, ఈనాటివి వేరు. రెంటినీ పట్టుకొని కూర్చుంటే ఇద్దరూ ఒకరు కాజాలరు. విరుద్ధమైన అంశాలను విడిచి, రెంటిలోనూ నిలిచియున్న వ్యక్తిమాత్రాన్ని గ్రహించినపుడే ఆ వాక్యానికి అర్థం కుదురుతుంది. దీనినే భాగత్యాగలక్షణ అంటారు. మహావాక్యంలో జీవేశ్వరుల ఐక్యాన్ని గ్రహించవలసిన మార్గమూ ఇదియే. గుమాస్తా పేర్లను పోల్చాడు, కుదరలేదు. వృద్ధుడు పేర్లను విడిచి మనిషిని చూచాడు, క్షణంలో కుదిరింది.

కాని ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేరు మిథ్య కనుక ఏదైననేమి అని ఆయన యౌవనంలో అనుకొన్నాడు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని చూపి, కుండ అన్నది మాట వలన వచ్చిన పేరనీ, మట్టియే సత్యమనీ బోధించాడు. కుండను పగులగొట్టమని మాత్రం ఆయన చెప్పలేదు. నీళ్లు తేవడానికి కుండయే కావాలి. నామం పరమార్థం కాకపోవచ్చును, వ్యవహారంలో అదియే ఋణాలను మోసే పాత్ర. తండ్రి ఋణం, తల్లి మొక్కు, తాతల ఊరు అందులోనే ఉన్నవి.

ఇది ఆయనకు తెలిసివచ్చింది కార్యాలయంలో కాదు, ఆబ్దికం నాడు. పిండప్రదానానికి పురోహితుడు గోత్రమడిగాడు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడిగాడు. వసురూపుడు, రుద్రరూపుడు, ఆదిత్యరూపుడు అని మూడు తరాలను పిలిచాడు. ఇంటిపేరు అడుగలేదు. లోకంలో ముందు నడిచే ఇంటిపేరు అక్కడ గడప వద్దనే ఆగిపోయింది. మిగిలినది గోత్రమూ, కన్నవారు పెట్టిన పేరూ. "కర్త పేరు?" అన్నప్పుడు ఆయన నోట "మహేశ్వర్" అని అలవాటుగా వచ్చింది. గోడవారగా కూర్చున్న తల్లి మెల్లగా సవరించింది. "ఉమామహేశ్వరుడు, అయ్యగారూ. ఉమ విడువకుండ చెప్పండి."

పురోహితుడు తిరిగి మొదటినుండి సంకల్పం చెప్పాడు.

పత్రాలలో ఆయన ఈనాటికీ మహేశ్వరే. అన్నిటినీ మార్పించే ఓపిక లేదు, అవసరమూ లేదు. ఆ ప్రమాణపత్రం బీరువాలో భద్రంగా ఉన్నది. సంక్రాంతికి కొండ ఎక్కి అర్చన చేయించేటప్పుడు మాత్రం గోత్రం తరువాత ఆరక్షరాలూ చెబుతాడు. ఆ పేరుతో పిలిచే తల్లి ఇప్పుడు లేదు. గర్భాలయంలో అర్చకుడు ఆ పేరును పలికేటప్పుడు, అది భక్తునిదో స్వామిదో వినేవారికి తెలియదు.